మోక్షం ఎనిమిదో నిమిషం తర్వాతే

ప్రతి శనివారం యూట్యూబులో విష్ణు సహస్రనామం వివరించాలని మా ముగ్గురికీ ఒకే సాయంత్రం జ్ఞానోదయమైంది. ముగ్గురంటే వ్యాఖ్యానం చెప్పే శాస్త్రిగారు, కెమెరా పట్టి కూర్పు చేసే మా మేనల్లుడు, ఏ పనీ చేతకాక నిర్వాహకుణ్ణయిన నేను. పని రానివాడు నియమావళి రాయడం మన దేశంలో ఆచారం కాబట్టి అది నా వాటాకు వచ్చింది.

ముందు లెక్క తేల్చాను. నామాలు వెయ్యి. వారానికొకటి చొప్పున చెబితే 19 ఏళ్లు దాటుతుంది. శాస్త్రిగారికి ఇప్పుడు 68. "నాకేం అభ్యంతరం లేదు నాయనా, యమధర్మరాజును ఒక మాట అడిగిరా" అన్నారు. అందుకని వారానికో శ్లోకం అనుకున్నాం. నామాలున్న శ్లోకాలు నూట పైచిలుకు కాబట్టి రెండేళ్లు దాటాక గట్టెక్కుతాం.

ఇక నామకరణం. శిశువుకైతే ఒకసారి పెడితే చాలు, వీడియోకు రెండుసార్లు పెట్టాలి. కంప్యూటర్లో ఫైలుకు ఒక పేరు, జనానికి ఒక పేరు. ఫైలు పేరు ఇలా ఉండాలని శాసనం చేశాను:

```
VS_001_20250104_v1.mp4
```

సున్నాలెందుకని మేనల్లుడు నవ్వాడు. పేర్లను అక్షరక్రమంలో పేర్చే చోట 1 పక్కన 10, 11 వచ్చి కూర్చుంటాయి, పాపం 2 వాటి వెనక ఎక్కడో నిలబడుతుంది. శ్లోకాలు వంద దాటుతాయి కనుక మూడంకెలు. తేదీలో ముందు ఏడాది, తర్వాత నెల, ఆపైన రోజు రాయడానికీ కారణం అదే. ఇంత చేసినా రెండో వారానికే పరువు పోయింది. జనవరి 10 శుక్రవారం వైకుంఠ ఏకాదశి వచ్చింది, ప్రత్యేక భాగం చేసి దానికి 002 తగిలించాం. మర్నాడు వచ్చిన రెండో శ్లోకం 003 అయింది. అప్పటి నుంచి "మూడో భాగంలో మూడో శ్లోకం ఏదీ?" అని రోజూ ఎవరో ఒకరు ఫోను చేస్తూనే ఉన్నారు. ఇప్పుడు పండగ భాగాలన్నింటికీ P01, P02 అని వేరే వరస పెట్టాం. అంకె శ్లోకానిదే, పండగకు అందులో వాటా లేదు.

జనానికి కనిపించే శీర్షికకు యూట్యూబు వంద అక్షరాలకు మించి చోటివ్వదు. వంద చాలదా అనుకున్నాను. "శ్రీవిష్ణుసహస్రనామం" మన కంటికి ఎనిమిది అక్షరాలే. యంత్రం మాత్రం ఒత్తులనూ గుడులనూ పొల్లునూ విడివిడిగా లెక్కించి 19 అంటుంది. ఒక్క "శ్రీ"కే నాలుగు ఖర్చు. శాస్త్రిగారి పేరు ముందు మూడు శ్రీలు పెట్టాలని భక్తులు పట్టుబట్టగా, మూడుకు పన్నెండు పోతాయని చెప్పి ఒకదానితో సరిపెట్టాను. శ్లోకం మొదటి మాట ముందు, సంఖ్య తర్వాత, ఆయన పేరు చివర. ఫోను తెరమీద శీర్షిక తోక తెగినా తెగేది శాస్త్రిగారే, శ్లోకం కాదు.

అసలు వేదాంతం నిడివిలో ఉంది. మొదటి శ్లోకంలో తొమ్మిది నామాలు. శాస్త్రిగారు తొణకకుండా చెబితే ఆరున్నర నిమిషాల్లో అయిపోయింది. "మామయ్యా, ఇంకో నిమిషన్నర కావాలి" అన్నాడు మేనల్లుడు. అర్థం ఏమైనా మిగిలిందా అంటే అదేమీ లేదట. వీడియో ఎనిమిది నిమిషాలుంటేనే మధ్యలో ప్రకటన పెట్టుకోనిస్తారట. అంతకుముందు పది నిమిషాలుండేదట, 2020లో ఎనిమిదికి దించారు. పరమాత్మ కరుణ అంటే ఇదే.

ఆ నిమిషన్నర కోసమే శాశ్వత శీర్షికలు పుట్టాయి. దీపారాధన 20 సెకన్లు, శంఖం 10, "గత వారం చెప్పుకున్నది" 30, మంగళహారతి 30. సంప్రదాయం ఎక్కడి నుంచి వస్తుందో నాకు ఆ రోజే తెలిసింది. వీటిలో "గత వారం" తప్ప మిగతావన్నీ ఒక్కసారి తీసి ప్రతి వారం అతికించడమే, కాబట్టి ముగ్గురికి భారం లేదు. మా దీపం మొదటి భాగంలో వెలిగింది, నేటికీ ఆ నూనె తరగలేదు. హారతి పాట మాత్రం మా శాస్త్రిగారి కోడలే పాడింది. పాట పాతదే అయినా రికార్డింగు మరొకరిదైతే హక్కుదారు నోటీసు వచ్చి పడుతుంది.

చిత్రీకరణ నెలకు ఒకే రోజు, నాలుగు భాగాలు, నాలుగు కండువాలు. మూడో కండువా దగ్గర శాస్త్రిగారు పరవశించి "ఈరోజు ఏకాదశి, ఎంత పుణ్యదినం!" అన్నారు. అది ప్రసారమైన శనివారం అమావాస్య. తెలిసినవాళ్లంతా పంచాంగం తీసుకుని మీదికి వచ్చారు. అప్పటి నుంచి కెమెరా ముందు తిథి, వారం, ఎండ, వాన ఎత్తకూడదని ఆయన బల్లమీద చీటీ అంటించాం.

మొన్న అన్నీ కుదిరి 8 నిమిషాల 5 సెకన్ల భాగం తయారైంది. ప్రతిపదార్థం ముగిసి కథ మొదలయ్యే సందులో ప్రకటన పెట్టాలని చోటు కూడా గుర్తించి, మేనల్లుడు ఆ మీట కోసం వెతికాడు. దొరకలేదు. నిబంధనలు చదివాడు. ప్రకటనల్లో వాటా రావాలంటే చందాదారులు వెయ్యిమంది ఉండాలి, ఏడాదిలో వీడియోలను 4000 గంటలు చూసి ఉండాలి.

మాకున్నది 214 మంది. అందులో ఇద్దరిని నేనే.