ముందు తెలుగులో రాయించండి

అమెరికాలో ఉన్న మా సంఘం ఇచ్చే ఉపకార వేతనం అందుకున్న ప్రతి విద్యార్థీ దాతలకు ఇంగ్లిషులో ఒక కృతజ్ఞతా లేఖ రాసి, దాని తెలుగు ప్రతిని ఇంట్లో పెద్దవాళ్లకు ఇవ్వాలన్నది నియమం. ఆ లేఖలను చదివి దాతలకు పంపే పని కొన్నేళ్లుగా నాది. తెలుగు ప్రతి అంటే ఇంగ్లిషు లేఖకు అనువాదమేనని నేనూ అనుకునేవాణ్ణి. మొన్న మార్చిలో గుంటూరులో ఒక ఇంటికి వెళ్లి వచ్చాక, లేఖను ముందు తెలుగులో రాయించి, ఇంట్లో చదివి వినిపించిన తరువాతే ఇంగ్లిషులోకి మార్పించాలన్న అభిప్రాయం నాకు స్థిరపడింది.

ఆ అమ్మాయి విజయవాడలో హాస్టల్లో ఉండి పాలిటెక్నిక్ రెండో సంవత్సరం చదువుతోంది. తండ్రి లేడు. తల్లి గుంటూరులో ఎండు మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్తుంది. ఆమెకు చదవడం రాదు కనుక కూతురే తెలుగు ప్రతిని చదివి వినిపించింది. ‘మీ ఋణం ఎన్నటికీ తీర్చుకోలేను’ అన్న మొదటి వాక్యం దగ్గరే ఆమె ఆపి, “అంటే ఈ డబ్బు తిరిగి కట్టాలా అమ్మా? వడ్డీ ఎంతంట?” అని అడిగింది. మనకు అది మర్యాద కోసం వాడే మాట. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి తీర్చిన మనిషికి ఋణమంటే ఋణమే. ఇది తిరిగి కట్టవలసిన డబ్బు కాదన్న సంగతి రెండు లేఖల్లో ఎక్కడా లేదు.

తరువాతి వాక్యం ఇంకా ఇబ్బంది పెట్టింది. ఇంగ్లిషులో ‘పూర్ అండ్ ఇల్లిటరేట్’ అని రాసినది తెలుగులో ‘నిరుపేద, నిరక్షరాస్యురాలైన నా తల్లి’ అయింది. ఆమె ఆ పెద్దమాటకు అర్థం అడిగి తెలుసుకుని, కాసేపు ఊరుకుని, “అట్లా రాయకపోతే డబ్బులివ్వరా?” అంది. నా దగ్గర జవాబు లేదు. ‘కుటుంబ ఆర్థిక దుస్థితిని వివరించండి’ అన్న గడిని దరఖాస్తులో పెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. పిల్లలు ఆ గడిలోని భాషనే కృతజ్ఞతా లేఖలోకీ తెస్తున్నారు.

అక్కడే కూర్చుని అమ్మాయి ఆ వాక్యాన్ని కొట్టేసి ఇలా రాసింది: ‘మా అమ్మ మిరపకాయల తొడిమలు తీస్తుంది. కిలోల లెక్కన కూలి ఇస్తారు. రోజంతా ఎన్ని కిలోలు తీసిందో నోటి లెక్కగా గుర్తుపెట్టుకుని, సాయంత్రం తూకంలో తేడా వస్తే అక్కడికక్కడే అడుగుతుంది.’ దీన్ని ఇంగ్లిషులోకి మార్చడానికి ఆమెకు ఏ పెద్దమాటా అవసరం కాలేదు. తండ్రి గురించి ముందు ‘ఎక్స్‌పైర్డ్’ అని రాసిన చోట కూడా, ‘నాన్న చనిపోయాడు’ అన్న తెలుగు వాక్యం నుంచి ‘డైడ్’ అన్న మాట దానంతట అదే వచ్చింది. (అమెరికాలో ఎక్స్‌పైర్ అయ్యేవి ఎక్కువగా మందులూ, డ్రైవింగ్ లైసెన్సులూ. ఇక్కడే పుట్టి పెరిగిన మా కమిటీ కుర్రవాడు ఆ మాట దగ్గర ప్రతిసారీ తడబడతాడు.)

డబ్బు లెక్క మాత్రం మొదటి నుంచీ బాగుంది. ఇచ్చిన 30,000 రూపాయల్లో మెస్సుకు నెలకు 2,400 చొప్పున పది నెలలకు 24,000, పుస్తకాలకూ డ్రాయింగ్ పరికరాలకూ పరీక్ష ఫీజుకూ 4,500, బస్సు ఛార్జీలకు 1,500 అయ్యాయి. రెండు ప్రతుల్లోని అంకెలను పక్కపక్కన పెట్టి సరిచూడడం నాకు అలవాటు. అలా చూస్తే ఇంగ్లిషులో ఒక అంకె ఎక్కువ కనిపించింది. గణితంలో 1 పేపరు తప్పిందని దాతలకు చెప్పింది, తల్లికి చెప్పలేదు. నేను అక్కడ నోరెత్తలేదు. వీధి మలుపు దాకా సాగనంపడానికి వచ్చినప్పుడు మాత్రం, ఊరు కాని ఊరిలో ఉన్న మాకు తెలిసినది అమ్మకు తెలియకపోవడం బాగుండదని అన్నాను. రెండు రోజుల తరువాత వచ్చిన తెలుగు ప్రతిలో ఆ వాక్యం చేరింది. ఇంట్లో ఏం జరిగిందో నేను అడగలేదు.

ఇంగ్లిషులో నేరుగా రాయడం అలవాటైతేనే రేపు ఉద్యోగాలకు పనికొస్తుందని కమిటీలో కొందరంటారు. అది నిజమే కానీ, తెలుగులో రాసుకున్నంత మాత్రాన ఇంగ్లిషులో రాసే పని తప్పిపోదు. తప్పేదల్లా పాత లేఖల నుంచి వాక్యాలు ఎత్తి రాసే పని. పోయినేడు వచ్చిన లేఖల్లో చాలావాటిలో మొదటి పేరా ఒకేలా ఉంది. చదవలేని తల్లిదండ్రులకు తెలుగు ప్రతిని చేతికిస్తే సరిపోదు, చదివి వినిపించాలి. వినిపించినట్టు విద్యార్థి ఒక మాట రాస్తే చాలు, సంతకాలూ వేలిముద్రలూ అడగవద్దు.

వచ్చే ఏటి దరఖాస్తులో ఆ గడి తీసేసి, ‘ఇంట్లో ఎవరెవరు ఏ పని చేస్తారు’ అని మాత్రమే అడగాలని కమిటీకి రాశాను. దుస్థితి తెలియకపోతే దాతలు ముందుకు రారని ఇద్దరు సభ్యులు అభ్యంతరం చెప్పారు. తల్లీకూతుళ్లను అడిగి, పేర్లు తీసేసి, పాత లేఖనూ కొత్త లేఖనూ ఆ ఇద్దరికీ పంపాను.