√2 విలువ 5 అని సవినయంగా మనవి

న్యూమరికల్ ఎనాలిసిస్ జవాబు పత్రాల్లో ఒక మహామంత్రం ఉంటుంది: 'వరుసగా వచ్చిన రెండు విలువలు మూడు దశాంశ స్థానాల వరకు ఒకటే, కాబట్టి ఇదే మూలం.' దీన్ని రాయగానే మార్కులు పడతాయని మనందరికీ తెలుసు. ఆ మంత్రం మీది భక్తితోనే నేనూ ఒక లెక్క చేశాను.

సమీకరణం x² − 2 = 0. దాన్ని ఇటరేషన్‌కు వీలుగా ఇలా మార్చాను:

```
x = x − 0.00001(x² − 2)
```

5 నుంచి మొదలుపెట్టాను. బ్రాకెట్‌లో 23 వచ్చింది, కొత్త విలువ 4.99977. మూడు స్థానాలకు సవరిస్తే 5.000. పాతదీ 5.000, కొత్తదీ 5.000. కన్వర్జ్ అయింది! √2 = 5. పక్క బెంచీ మిత్రుడు 3 నుంచి మొదలుపెడితే 2.99993 వచ్చింది, అంటే అతని √2 విలువ 3. ఇద్దరికీ ఫుల్ మార్కులే, ఎందుకంటే మంత్రం ఇద్దరూ రాశారు.

ఇటరేషన్ మూలానికి చేరడానికి కావాల్సిన షరతు తప్పిందేమో అంటారా? తప్పలేదు. పై సూత్రంలో కుడివైపును g(x) అంటే, 1 నుంచి 5 వరకు ఎక్కడ చూసినా |g′| విలువ 1 కంటే తక్కువే. ఈ పద్ధతి నిజంగానే 1.41421కి చేరుతుంది. కాకపోతే, మూలం దగ్గరికి వచ్చాక కూడా ఒక్కో కొత్త అంకె సరిపడడానికి సుమారు 81 వేల అడుగులు కావాలి. మనం ఒక్క అడుగేసి, గమ్యం వచ్చేసిందని కూర్చున్నాం.

అడుగు చిన్నదైతే గమ్యం దగ్గరైనట్టా? నత్త కదలడం లేదు కాబట్టి ఇల్లు చేరిపోయిందని రాస్తామా? ఇంత చిన్న విషయం చెప్పకుండా సెమిస్టర్ మొత్తం ఎలా గడిపేస్తున్నారు? ఎవడైనా ఒకడు అనుమానమొచ్చి అడిగితే, 'అది పేపర్లో రాదు' అని కూర్చోబెడతారు. వాడే రేపు ఆ విలువతో ఏదో ఒకటి కడతాడు!

ప్రతి కొత్త తేడాను దాని ముందు తేడాతో భాగిస్తే వచ్చే నిష్పత్తి λ చూడండి. మిగిలిన దోషం చివరి తేడాకు దాదాపు λ/(1−λ) రెట్లు. నా లెక్కలో రెండో అడుగు కూడా వేస్తే λ సుమారు 0.9999, చివరి తేడా 0.00023. గుణిస్తే 2.3. అసలు దోషం 3.6, మూలానికి ఇంత దూరంలో λ నిలకడగా ఉండదు కాబట్టి అంచనా తగ్గింది. అయినా మూడో దశాంశం సంగతి అటుంచి, మొదటి అంకే తప్పని చెప్పేసింది కదా.

అదీ బద్ధకమైతే, జవాబుకు కాస్త అటూ ఇటూ x² − 2 గుర్తు మారుతుందో లేదో చూడండి. (వక్రం అక్షాన్ని తాకి వెనక్కి మళ్ళే జంట మూలాలకు ఇది పనిచేయదు, ఆ గొడవ వేరు.) 4.9995 దగ్గర x² − 2 ప్లస్, 5.0005 దగ్గరా ప్లస్సే. 1.4135 దగ్గర మైనస్, 1.4145 దగ్గర ప్లస్. ఒక్కో జవాబుకు రెండేసి వర్గాలు, అంతే పని.