అమ్మ దగ్గరికి ఈ ఏడాది ఎన్నిసార్లు వెళ్లాను?

డిసెంబర్ చివరి వారం వచ్చిందంటే హనుమకొండ బేకరీల ముందు కేకుల టేబుళ్లు పడతాయి, డైరీల మొదటి పేజీల్లో తీర్మానాలు పడతాయి. నేను మూడేళ్లు వరుసగా ఒకే మాట రాసుకున్నాను: "అమ్మకు ఎక్కువ టైమ్ ఇవ్వాలి." అమ్మ పరకాల దగ్గర ఊళ్లో ఒక్కతే ఉంటుంది, నేను హనుమకొండలో, మధ్యన గంట ప్రయాణం. పోయిన డిసెంబర్‌లో మాత్రం తీర్మానం పక్కనపెట్టి ఒక ప్రశ్న రాసుకున్నాను. ఈ ఏడాది అమ్మ దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లాను, ఒక్కోసారి ఏ పని మీద వెళ్లాను?

ముందు గుర్తున్నంతలో జవాబు రాశాను, నెలకు రెండుసార్లని. ఆ తర్వాతే ఫోన్ తీశాను. ఈ వరుస ముఖ్యం, ముందే ఫోన్ చూస్తే మనం మనసులో ఏమనుకుంటున్నామో ఎప్పటికీ తెలియదు. గ్యాలరీలో ఫొటోల తేదీలు, ఆత్మకూరు దారిలో పెట్రోల్ బంకులో చేసిన యూపీఐ చెల్లింపులు, రెండూ పక్కపక్కన పెట్టుకుని జనవరి నుంచి ఒక్కో నెలా చూసుకుంటూ వచ్చాను. మొత్తం 11 సార్లు. అందులో పండుగలూ పెళ్లీ 3, ఆస్పత్రి 3, బ్యాంకు పని 2, కౌలు లెక్క 1. ఏ పనీ లేకుండా ఊరికే వెళ్లినవి 2, అవి రెండూ నవంబర్, డిసెంబర్‌లోనే. నెలకు రెండుసార్లన్న నా నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. నిన్నమొన్నటి రెండు నెలల్నే నేను ఏడాది అనుకున్నాను. అందుకే ఏడాదిని చూసుకునేటప్పుడు జనవరి నుంచే మొదలుపెట్టాలి, డిసెంబర్ నుంచి వెనక్కి వెళ్తే ఎండాకాలం దాకా కూడా పోలేం.

జూన్ నుంచి ఆగస్టు దాకా ఒక్కసారి కూడా లేదు. "ఎందుకు వెళ్లలేదు?" అని నన్ను నేనే అడిగితే నా దగ్గర జవాబు రెడీగా ఉంది, బిజీ అని. కానీ 'ఎందుకు'కు మనం చెప్పుకునే జవాబులు అంత నమ్మదగ్గవి కావు. 1977లో రిచర్డ్ నిస్బెట్, తిమోతీ విల్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు రాసిన వ్యాసంలో ఒక ముచ్చట ఉంది. అచ్చం ఒకేలా ఉన్న నాలుగు జతల మేజోళ్లను వరుసగా పెట్టి, ఏది నాణ్యమైనదో చెప్పమని జనాన్ని అడిగారు. మిగతా జతల కన్నా కుడి చివర ఉన్న జతనే ఎక్కువమంది ఎంచుకున్నారు. కారణం అడిగితే ఎవరూ అది పెట్టిన చోటు గురించి తమంతట తాముగా చెప్పలేదు. వాళ్లు అబద్ధమాడలేదు, అసలు కారణం వాళ్లకే తెలియదు. మన 'బిజీ' కూడా అలాంటిదే.

అందుకే ప్రశ్న మార్చాను. ఆ మూడు నెలల ఆదివారాలు నేను ఎక్కడ ఉన్నాను? చెల్లింపులే చెప్పాయి. మా బాబుకు జూన్ నుంచి కోచింగ్‌లో ప్రతి ఆదివారం టెస్టు, మధ్యాహ్నం ఒంటి గంటదాకా. వాణ్ని దింపి, అక్కడే టీ కొట్టు దగ్గర కూర్చుని, మళ్లీ తీసుకొచ్చేసరికి రోజు అయిపోతుంది. అంటే నా ఆదివారాలు జూన్‌లోనే పోయాయి, నేనేమో ఇంకా నా చేతిలో ఉన్నాయనుకుని మాట ఇచ్చుకుంటూ ఉన్నాను. ఎంత గట్టిగా తీర్మానం రాసుకున్నా లేని ఆదివారం ఎక్కడి నుంచి వస్తుంది? రెండో శనివారం మాత్రం ఖాళీగా ఉంది, దాన్ని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

ఇలా కూర్చున్నప్పుడు దారి తప్పేది ఎక్కడంటే, జవాబులో తేదీ, అంకె, మనిషి పేరు ఏవీ లేకుండా "ఈ ఏడాది చాలా నేర్చుకున్నాను" లాంటి వాక్యం వచ్చినప్పుడు. స్టేటస్‌లో పెట్టుకోవడానికి బాగుండే జవాబు వచ్చిందంటే ప్రశ్న మళ్లీ అడగాలి. మరోవైపు "నేనెంత చెడ్డ కొడుకును" అని మొదలుపెడితే అదీ జవాబు కాదు, ఆ బాధలో పడి లెక్క చూడటమే మానేస్తాం. ఒక్క ప్రశ్నకే నాకు రెండు గంటలు పట్టింది, పది ప్రశ్నలు పెట్టుకుని ఉంటే మూడోదానికే పుస్తకం మూసేసేవాణ్ని.

ఇంకో సంగతి, ఫోన్‌లో లేనిది ఫోన్ చెప్పదు. అందుకని సంక్రాంతికి వెళ్లినప్పుడు అమ్మనే అడిగాను, పోయినేడు నేను ఎన్నిసార్లు వచ్చానో గుర్తుందా అని. ఆమె లెక్కపెట్టలేదు.

"వచ్చినవ్ బిడ్డా, మస్తు సార్లే వచ్చినవ్. గని ఒక్కనాడన్న కూసున్నవా? బండి తాళం చేతుల వట్టుకునే మాట్లాడుతవ్."

అప్పుడు కూడా తాళం నా చేతిలోనే ఉంది. తీసి గూట్లో పెట్టాను.