లాభం ఎక్కడ దాక్కుందో వెతకండి

సత్యం కంప్యూటర్స్ కథ తెలుగువాళ్లకు మళ్లీ చెప్పనక్కర్లేదు. కానీ 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు మోసాన్ని ఒప్పుకుంటూ రాసిన లేఖలో ఒక చిన్న లెక్క ఉంది. కొత్తగా షేర్లు కొనేవాళ్లకు లాభనష్టాల ఖాతా, బ్యాలెన్స్ షీట్, క్యాష్ ఫ్లో అనే మూడు ఖాతాల ముడి అర్థం కావడానికి అంతకంటే మంచి పాఠం నాకు కనిపించలేదు.

2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు కంపెనీ చూపిన ఆదాయం 2,700 కోట్లు, అసలుది 2,112 కోట్లు. చూపిన నిర్వహణ లాభం 649 కోట్లు, అసలుది 61 కోట్లు. రెండు చోట్లా తేడా 588 కోట్లే. లేని అమ్మకానికి ఖర్చు ఉండదు కదా, అందుకే పెంచిందంతా నేరుగా లాభంలోకి దిగింది.

అయితే లాభం లాభనష్టాల ఖాతాలో పుట్టినా అక్కడే ఉండిపోదు. పన్ను, డివిడెండు పోగా మిగిలింది బ్యాలెన్స్ షీట్‌లో రిజర్వులకు చేరుతుంది. అటు రిజర్వులు పెరిగితే ఇటు ఏదో ఒక ఆస్తి పెరగాలి, లేదా అప్పు తగ్గాలి. లేకపోతే షీట్ టాలీ కాదు. దొంగ లెక్క రాసేవాడికి అసలు తలనొప్పి ఇదే.

కస్టమర్ల నుంచి రావాల్సిన బాకీగా రాసుకోవడం సులువైన దారి. కానీ క్యాష్ ఫ్లో దాన్ని బయటపెడుతుంది. అది లాభంతో మొదలై, పెరిగిన బాకీలను తీసేసి, చేతికి ఎంత అందిందో చెబుతుంది. లాభం ఏటా పెరుగుతూ ఆ అంకె మాత్రం కదలకపోతే అనుమానించాలి. సత్యంలో బాకీలను కొంతే పెంచి, ఎక్కువ భాగం బ్యాంకు నిల్వగా రాసేశారు. పుస్తకాల్లోని 5,361 కోట్ల నగదులో 5,040 కోట్లు ఉత్తివే.

క్యాష్ ఫ్లో ఒక్కటి చూస్తే చాలు, అది అబద్ధం చెప్పదు అనేవాళ్లున్నారు. మామూలు కంపెనీల విషయంలో ఆ మాట చాలావరకు నిజమే. కానీ దాని చివరి వరస కలవాల్సింది బ్యాలెన్స్ షీట్‌లోని నగదుతోనే. ఆ నగదే దొంగదైతే రెండూ ముచ్చటగా కలిసిపోతాయి.

అప్పుడు వడ్డీ చూడాలి. ఏడాది సగటు నగదు, డిపాజిట్ల మీద వచ్చిన వడ్డీ ఎంత శాతమో లెక్కగట్టి, ఎఫ్‌డీ రేటుతో పోల్చండి. మరీ తక్కువుంటే కారణం అడగండి. సరిపోయినా అక్కడితో వదలకండి. సత్యంలో ‘రావాల్సిన వడ్డీ’ అని 376 కోట్లు కూడా కల్పించారు. లాభనష్టాల ఖాతాలోని వడ్డీని, క్యాష్ ఫ్లోలో పెట్టుబడుల విభాగం కింద ‘అందుకున్న వడ్డీ’తో పక్కపక్కన పెట్టి చూడాల్సింది అందుకే.

చూడటానికి ఆ కాగితాలు ఉండాలి మరి. మన లిస్టెడ్ కంపెనీలు ప్రతి మూడు నెలలకూ లాభనష్టాలు ప్రకటిస్తాయి గానీ, సెబీ నిబంధనల ప్రకారం బ్యాలెన్స్ షీట్, క్యాష్ ఫ్లో ఆరు నెలలకోసారి ఇస్తే చాలు. అంటే జూన్, డిసెంబరు ఫలితాల రోజున టీవీల్లో జరిగే హడావిడంతా మూడింట ఒక వంతు సమాచారం మీదే. అమెరికా కంపెనీలు త్రైమాసిక నివేదికల్లో మూడూ ఇస్తున్నాయి. పని పెరుగుతుందని మన కంపెనీలు అనొచ్చు. నెలనెలా పుస్తకాలు ముగించే పెద్ద కంపెనీ దగ్గర ఆ అంకెలు ఎలాగూ ఉంటాయి. సెబీ ముందు టాప్ 500 కంపెనీలతోనైనా మొదలుపెట్టాలి.