బ్యాంకాక్‌కి ఆవకాయతో పాటు నాలుగు ముక్కలు

విదేశానికి వెళ్లేవాడు అక్కడి భాష నేర్చుకోవాలన్న దుష్ప్రచారాన్ని తెలుగు జాతి మొదటి నుంచీ గట్టిగానే ఎదుర్కొంటోంది. మన పద్ధతి మనకుంది. ముందు ఇంగ్లీషులో అడుగుతాం. అర్థం కాకపోతే అదే ఇంగ్లీషు ఇంకాస్త గట్టిగా. అప్పటికీ కాకపోతే చేతులూపుతూ అచ్చ తెలుగులో. బ్యాంకాక్ వీధుల్లో ఈ మూడంచెల విధానం రోజూ అమలవుతూనే ఉంది.

అయినా కొందరు బలహీన మనస్కులు విమానంలో కూర్చుని థాయ్ మాటలు బట్టీ పడుతున్నారు. వాళ్లని హెచ్చరించడం నా బాధ్యత.

విమానం ఎక్కగానే ఎయిర్ హోస్టెస్ 'సవాదీ ఖా' అంటుంది. మన బాబాయి అది పట్టేసి, మీసం సవరించుకుని, ట్యాక్సీవాడి నుంచి సెక్యూరిటీ గార్డు దాకా అందరికీ 'సవాదీ ఖా' అప్పగిస్తాడు. ఆ 'ఖా' ఆడవాళ్లు వాడే మర్యాద మాట. మగవాళ్లయితే 'ఖ్రప్' అనాలి. ఎదుటివాళ్లు ఎవరన్నది కాదు, మాట్లాడేది ఎవరన్నదే లెక్క. మన 'అండీ'లాగా చివర తగిలిస్తే చాలు, ముందున్న మాట కాస్త తప్పినా మర్యాద నిలబడుతుంది. థాయ్‌వాళ్లు నవ్వుతారు గానీ తప్పు దిద్దరు. అందుకే బాబాయి అదే ఊపులో ఇంటికొస్తాడు.

తర్వాతది బేరం. చతుచక్ సంతలో చొక్కా చూపించి 'థావ్ రై ఖ్రప్?' అని ధర అడగడం అందరూ నేర్చుకుంటారు. జవాబు అర్థం చేసుకోవడం ఎవరూ నేర్చుకోరు. మనవాడికి థాయ్ వచ్చనుకుని ఆవిడ 'సాం రోయ్ హా సిప్' అంటుంది. మనవాడు నవ్వుతాడు. ఆవిడ జాలిపడి క్యాలిక్యులేటర్ తీసి 350 కొట్టి చూపిస్తుంది. అంటే ప్రశ్న కంటే ముందు అంకెలు రావాలి: సాం అంటే మూడు, రోయ్ అంటే వంద, హా అంటే ఐదు, సిప్ అంటే పది. ఒకటి నుంచి పది వరకు, ఆపైన వంద వస్తే 'సోంగ్ రోయ్ హా సిప్ దాయ్ మై ఖ్రప్?' అని 250కి దిగొచ్చు. ఒప్పుకుంటుందా అనేది వేరే విషయం. అయితే థాయ్‌లో స్వరం మారితే అర్థం మారిపోతుంది, కాబట్టి తెలుగు లిపిలో రాసుకున్న చీటీ సరిపోదు. ఆడియో విని పలకాలి.

అసలు కథ శనివారం మొదలవుతుంది. ఆ రోజు మాంసం ముట్టని మనిషి 'మై ఆవ్ నువా' అని మాంసం వద్దంటాడు. నువా అంటే వాళ్లకి ముఖ్యంగా బీఫ్. అందుకని భక్తిగా చికెన్ తెచ్చిపెడతారు. సరే, పచ్చి బొప్పాయి సలాడ్ సోమ్ తమ్ తింటే గొడవే లేదనుకుంటే, అందులో ఎండు రొయ్యలు, చేపల సాస్ వేసి దంచుతారు. అక్కడ చేపల సాస్ మనకి ఉప్పులాంటిది. దాన్ని ప్రత్యేకంగా మాంసాహారం అని ఎవరూ అనుకోరు. 'మై సై నామ్ ప్లా, మై సై కుంగ్ హేంగ్' అంటే ఆ రెండూ వేయరు. ఇంకా గట్టిగా కావాలంటే 'కిన్ జే' అనాలి. జే అంటే మాంసం, గుడ్డు, పాలతో పాటు ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. పసుపు రంగు మీద ఎర్రటి అక్షరాలతో ఆ మాట రాసున్న బోర్డు కనిపిస్తే మన పూజారిగారు కూడా ధైర్యంగా కూర్చోవచ్చు. రోడ్డు మీద బండి దగ్గరైతే ఏం చెప్పినా ఇందాక రొయ్యలు దంచిన రోట్లోనే మీదీ దంచుతారు. అది ఏ భాషలో చెప్పినా మారదు.

'పెత్ మాక్' అంటే బాగా కారం. దీన్ని గుంటూరు జిల్లావాళ్లు ప్రాంతీయ గౌరవం కోసం వాడతారు. ప్రిక్ కీ నూ అనే చిన్న మిరపకాయలు అక్కడ ఉంటాయని వాళ్లకి తర్వాత తెలుస్తుంది. 'పెత్ నిత్ నోయ్', కొంచెం కారం అంటే చాలు. పరువు మిగిలిన పూటకి దాచుకోవచ్చు.

ఇక మర్యాదల్లో మనకి కొత్త ఏమీ లేదు, అదే అసలు సమస్య. విగ్రహం వైపు కాళ్లు చాపకూడదు, నోటు తొక్కకూడదు (నోటు మీద రాజుగారు ఉంటారు). ఇవన్నీ చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర తిట్లు తిని నేర్చుకున్నవే. ఫ్లైట్ ఎక్కితే అవి చెల్లవనుకుంటాం. చేతులు జోడించే 'వాయ్' మాత్రం మన నమస్కారమే అనుకుని అందరికీ పెట్టేస్తాం. అక్కడ చిన్నవాళ్లు పెద్దవాళ్లకి ముందు పెట్టాలి. హోటల్ కుర్రాడు పెడితే మీరు తల ఊపి నవ్వితే చాలు. ముద్దొచ్చిందని పిల్లల తల నిమరడం కూడా మానుకోవాలి. తల అక్కడ పవిత్రం.

మోకాళ్లు కనిపించే నిక్కరుతో వాట్ ఫ్రా కేవ్ గుడికి వెళ్తే లోపలికి రానివ్వరు. దానికీ మనవాళ్లు టెన్షన్ పడరు. బయట ఏనుగు బొమ్మల ప్యాంట్లు అమ్ముతుంటారు. ధర అడిగితే చెప్తారు, థాయ్‌లో.