సంతకు ఏడుసార్లు వచ్చిన పెద్దమనిషి

రాజమండ్రిలో మా బావగారిది పచ్చళ్ళ వ్యాపారం. మామిడికాయ దిగే వేళకి ఒక వీడియో ప్రకటన కావాలన్నారు. పది సెకన్లు చాలు. మామిడికాయల సంత, దాని నిండా జనం, చివర్లో ఆవకాయ జాడీ. "షూటింగ్ ఎందుకు మావయ్యా, ఏఐతో అరగంటలో చేసేస్తాను" అన్నాడు మా అబ్బాయి. అన్నట్టుగానే అరగంటలో చేసి, బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు.

లోపం ముందుగా పట్టుకున్నది మా అత్తగారు. కళ్ళజోడు లేకపోతే ఆవిడకి క్యాలెండర్లో తిథి కనబడదు గానీ, ఇంకొకరు చేసిన పనిలో వంక మాత్రం చీకట్లో కూడా కనబడుతుంది. "ఒరేయ్, ఈ గులాబీ చొక్కా ఆయన బండి దగ్గరా ఉన్నాడు, చెట్టు కిందా ఉన్నాడు. కవలలా?" అని వాయిస్ మెసేజ్ పెట్టారు. ఇక గ్రూపులో అందరూ పని మానేసి లెక్కలు మొదలుపెట్టారు. నలుగురన్నారు, ఐదుగురన్నారు. మా తోడల్లుడు వీడియో ఆపి, పెద్దది చేసి చూసి ఏడుగురని తేల్చాడు. అదే మీసం, అదే నవ్వు. ఒకచోట ఆ ముఖం చీర కట్టుకుని కూడా ఉంది.

ముఖాల సంగతి తేలాక కాళ్ళ మీద పడ్డారు. ఆకుపచ్చ చీర ఆవిడ స్తంభం వెనక్కి వెళ్ళింది. అటు పక్క నుంచి తలకి తువ్వాలు చుట్టుకున్న మగమనిషి బయటికొచ్చాడు. ఎదురెదురుగా వస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు కలుసుకున్న చోట ఒక్కరే మిగిలారు, సంచులు మాత్రం రెండూ ఉన్నాయి. ఒకాయన ముఖం ఇటు, పాదాలు అటు. మిగతావాళ్ళంతా ఒకేసారి కుడికాలు, ఒకేసారి ఎడమకాలు వేస్తూ, నేల మీద జారుకుంటూ పోతున్నారు.

బావగారు ఫోన్ చేశారు. "అల్లుడూ, షాపుకి జనం రావాలన్నాను గానీ, ఒక్కడే ఇన్నిసార్లు రావాలన్నానా?"

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. నేను సినిమాల్లోనూ ఆ తర్వాత సీరియళ్ళలోనూ అసిస్టెంట్ డైరెక్టరుగా చేసి రిటైరయ్యాను. హీరోలకి సీను చెప్పే భాగ్యం పెద్దగా కలగలేదు. నా పనంతా వెనకాల జనాన్ని నడిపించడమే. జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటు నలభై మందిని పంపిస్తానని పాతికమందిని పంపిన రోజులెన్నో. అప్పుడు ఒకే మనిషికి చొక్కా మార్చి, తువ్వాలు కట్టి, సైకిలిచ్చి మళ్ళీ అదే వీధిలో పాసింగ్ పంపేవాళ్ళం. కాబట్టి ఒకే మనిషి ఏడుసార్లు రావడం నాకు తప్పుగా అనిపించలేదు. చొక్కా మార్చకపోవడమే తప్పనిపించింది.

"వీడియో చెయ్యమని ఏఐకి ఏం రాశావో చూపించు" అన్నాను. చూపించాడు.

```
Crowded Indian mango market, lots of people walking,
no duplicate faces, no weird walking, realistic, 8k
```

నవ్వాగలేదు. సెట్లో మైకు పట్టుకుని "అందరూ నడవండి" అని నేను అరిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. అందరూ ఒకేసారి లేచి, ఒకే వేగంతో, ఏ పనీ లేకుండా అటూ ఇటూ తిరుగుతారు. బతికున్న మనుషులే అలా చేస్తుంటే పాపం బొమ్మలేం చేస్తాయి? అయినా బతికున్న మనుషులతో ఒక సుఖం ఉంది. 1982లో వచ్చిన 'గాంధీ' సినిమాలో అంతిమయాత్ర దృశ్యానికి దాదాపు 3 లక్షల మంది వచ్చారు. ఎవరి ముఖం వాళ్ళే ఇంటి నుంచి తెచ్చుకున్నారు. మావాడి సంతలో ముఖం కూడా మనమే సప్లై చెయ్యాలి.

"డూప్లికేట్ ముఖాలు వద్దని రాశానుగా నాన్నా" అన్నాడు వాడు. వీడియోలు చేసే చాలా ఏఐ మోడళ్ళకి ఆ 'వద్దు' సరిగా అందదట. డూప్లికేట్ అనే మాట, వింత నడక అనే మాట మాత్రం అందుతాయట. అక్కర్లేనివి రాయడానికి నెగెటివ్ ప్రాంప్ట్ అని కొన్నిటిలో వేరే గడి ఉంటుంది. అది లేనప్పుడు కావలసింది మాత్రమే రాయాలి. మా అత్తగారి ముందు "ఈ విషయం మాట్లాడొద్దు" అంటే ఏమవుతుందో చూస్తూ పెరిగినవాడికి ఈపాటి తెలియకపోవడం ఆశ్చర్యమే.

ముఖాల గొడవకి ఇంకో కారణం కూడా చెప్పాడు. ఈ మోడళ్ళు బొమ్మను ఉన్నదున్నట్టు పట్టుకుని పనిచెయ్యవు. ముందు కుదిస్తాయి. పొడవునా వెడల్పునా ఎనిమిదో వంతుకు కుదించడం మామూలు. వీధి అవతలున్న మనిషి ముఖం తెర మీద పొడవునా వెడల్పునా 24 పిక్సెళ్ళుందనుకుంటే, లోపల అది అటు మూడు, ఇటు మూడు, మొత్తం తొమ్మిది గళ్ళవుతుంది. తొమ్మిది చుక్కల ముగ్గులో మేనమామ పోలికలు పట్టుకోమంటే ఎవరివల్ల అవుతుంది? అందుకే తనకి బాగా అలవాటైన ముఖమొకటి తీసి అందరికీ అతికిస్తుంది, లేదా ముద్ద చేసి వదిలేస్తుంది. నడకదీ ఇదే కథ. వరస ఫ్రేములను కూడా కలిపి కుదిస్తాయి కాబట్టి, చిన్నగా కనబడే కాళ్ళు ఒకదాన్నొకటి దాటే క్షణంలో కుడేదో ఎడమేదో పోల్చుకోలేవు.

అంటే దూరంగా ఉన్నవాడికి ముఖం చూపించకూడదు, కాళ్ళు చూపించకూడదు, ఎక్కువ నడిపించకూడదు. ఇదంతా మేము డబ్బుల్లేక చేసిన పనే. వంద మందిని చూపించాల్సిన చోట పదిహేను మందే ఉంటే, కెమెరాకి దగ్గరగా రెండు భుజాలు, ఒక బుట్ట మసకగా పెట్టేవాళ్ళం. మధ్యలో నలుగురికి మాత్రం అసలైన పని. వెనకాల ఫోకస్ లేని రంగులు. జనసమ్మర్దం మిగతాదంతా సౌండ్ ఇంజనీరు చూసుకునేవాడు.

మావాణ్ణి కూర్చోబెట్టి మళ్ళీ మొదలుపెట్టించాను. ముందు వీడియో వద్దు, ఒక్క స్టిల్ ఫొటో చెయ్యమన్నాను. కెమెరా కొనేవాళ్ళ వెనక, కాస్త పక్కగా ఉండాలి. ఫ్రేము మోకాళ్ళ పైనుంచే. మనుషుల్ని గుంపుగా కాకుండా ఒక్కొక్కళ్ళనీ రాయించాను. అరవై దాటిన నేతచీర ఆవిడ, గళ్ళ లుంగీ కట్టి కత్తితో కాయలు కొట్టే బక్కపలచటి మనిషి, గుడ్డసంచి పట్టుకున్న కాలేజీ అమ్మాయి. వయసు, ఒడ్డూపొడుగూ, బట్ట, చేతిలో వస్తువు, ఇవి నాలుగూ వేరు చేస్తే ముఖం దానంతటదే సగం వేరవుతుంది. అయినా స్టిల్‌లో గులాబీ చొక్కా పెద్దమనిషి మీసం మళ్ళీ ఇద్దరికి వచ్చింది. ఆ ఒక్క ముఖం దగ్గర గీత గీసి, అంతవరకే మళ్ళీ చేయించాడు, గడ్డం ఉన్న కుర్రాడని రాసి. ఫొటోలో ఈ పని నిమిషంలో అయిపోతుంది. వీడియో అయ్యాకయితే ప్రతి ఫ్రేములోనూ వాణ్ణి వెతికి పట్టుకోవాలి.

స్టిల్ కుదిరాక దాన్నే మొదటి ఫ్రేముగా ఇచ్చి కదలిక రాయించాను. బొమ్మలో కనబడుతున్న మనుషుల పోలికలు ఇక్కడ మళ్ళీ వర్ణించనివ్వలేదు. ఎవరు ఏం చేస్తారన్నది మాత్రమే.

```
Static camera. The old woman presses a raw mango with
her thumb and shakes her head. The man in the checked
lungi keeps chopping. The girl opens her cloth bag.
One man pushes a bicycle slowly from left to right and
leaves the frame. Everyone else stays in place,
talking, shifting their weight.
```

నడిచేవాడు ఒక్కడే అని గమనించండి. అతను కూడా ఏ స్తంభం వెనక్కీ వెళ్ళడు. ఎందుకంటే చాటుకి వెళ్ళినవాడు బయటికొచ్చేసరికి వేరే మనిషైపోవచ్చు. ఫ్రేము దాటి వెళ్ళిపోతే ఆ బెంగ లేదు. కెమెరా కదలదు కాబట్టి వెళ్ళినవాణ్ణి మళ్ళీ చూపించాల్సిన పనీ లేదు. సంతకి వచ్చినవాళ్ళంతా నడుస్తూనే ఉంటారని ఎవరన్నారో గానీ, నేను చూసిన ఏ సంతలోనైనా మూడొంతులు నిలబడి బేరమాడేవాళ్ళే.

చేతులు మాత్రం కొంత ఏడిపించాయి. ఒకసారి కత్తి కాయని కొడితే ముక్కలు కాకుండా రెండు కాయలయ్యాయి. బావగారు దాన్ని చూసి "ఇది నాకు అసలుగా దొరికితే బాగుండును" అన్నారు. దాన్ని పక్కనబెట్టి ఇంకోసారి చేయించాం. ఒక్క పది సెకన్ల షాటుకి బదులు ఐదేసి సెకన్లవి రెండు చేసి, మధ్యలో కట్ పెట్టాం. నిడివి పెరిగేకొద్దీ ఎవరో ఒకరు ఆకారం మార్చుకుంటున్నారు మరి.

తనిఖీ నేనే చేశాను. మామూలు వేగంతో చూస్తే కళ్ళు మోసపోతాయి. పావు వేగంతో పెట్టి, ఒకసారికి ఒక్కణ్ణే మొదటి నుంచి చివరిదాకా చూడాలి. నడక నిజమో కాదో తెలియడానికి ఒక లెక్కుంది. మామూలు మనిషి సెకనుకి సుమారు రెండు అడుగులు వేస్తాడు. మావాడి మొదటి వీడియోలో ఒకాయన నాలుగడుగుల్లో వీధంతా దాటేశాడు. అది నడక కాదు, జారుడు. సైకిలాయన్ని కూడా లెక్కపెట్టాను. పాదాలు కనబడవు కాబట్టి భుజాల ఊపు చూసి లెక్కపెట్టాలి. నెమ్మదిగా తోసుకెళ్ళే మనిషికి తగ్గట్టే ఉంది.

షాపు పేరు బోర్డు సంగతి వేరే పడింది. తెలుగు అక్షరాలు ఏ భాషవో తెలియకుండా వంకర్లు తిరిగాయి. బోర్డు ఖాళీగా ఉంచేసి, పేరు ఎడిటింగులో పెట్టాడు. బేరాల గోలంతా మా అత్తగారూ, ఆవిడ పక్కింటావిడా ఫోనులో రికార్డు చేసి పంపారు. ఇందులో నటన ఏమీ లేదు, ఇద్దరూ నిజంగానే ఏదో ధర మీద పోట్లాడుకుంటున్నారు.

ఫైనల్ చూసి బావగారు మొదట పెదవి విరిచారు. "అందరూ వీపులు చూపిస్తున్నారేంటి బావగారూ?" అన్నారు. "వాళ్ళు చూస్తున్నది మీ బోర్డు వైపు" అన్నాను. ఆయన ముఖం వెలిగింది. ఇంకో రెండుసార్లు చూశారు, నచ్చిందన్నారు, డబ్బు సంగతి మాత్రం ఎత్తలేదు.

గ్రూపులో పెట్టిన ఐదు నిమిషాలకి అత్తగారి వాయిస్ మెసేజ్ వచ్చింది. ముఖాలు బాగున్నాయట, నడక బాగుందట. "కానీ ఆ చివర మూల నిలబడ్డవాడు మే నెల ఎండలో స్వెట్టరేసుకున్నాడేంట్రా?"

చూశాం. నిజమే, నీలం రంగు స్వెట్టర్, మెడదాకా. మావాడు లాప్‌టాప్ తెరిచేలోపే బావగారు అడ్డుపడ్డారు. "ఉండనియ్యి అల్లుడూ, జ్వరమొచ్చిందేమో. నోటికి రుచి లేకే ఆవకాయ కోసం వచ్చుంటాడు."