అన్నింటికీ "కాలిబ్రేట్ చెయ్" అనడం ఇక ఆపండి

ఇప్పుడే ఇంటికొచ్చాను. ఒళ్లు మండిపోతోంది, అందుకే బట్టలు కూడా మార్చుకోకుండా రాస్తున్నాను.

నా స్నేహితురాలి కూతురు స్టేజీ మీద నాలుగు నిమిషాలు డాన్సు చేసింది. రెండు నెలలు రోజూ ప్రాక్టీసు చేసిన పిల్ల. వీడియో బాధ్యత నాది. ఫోన్‌ని వణక్కుండా, ఒరగకుండా నిలబెట్టే మోటార్ల హ్యాండిల్ ఉంటుంది కదా, ఆ గింబల్‌తో తీశాను. ఆ వీడియో ఇప్పుడు చూస్తుంటే కళ్లు తిప్పుకోవాలనిపిస్తోంది. స్టేజీ ఓ పక్కకి ఒరిగి ఉంది, బొమ్మంతా సన్నగా వణుకుతోంది. మధ్యాహ్నం రిహార్సల్‌లో నాకున్నది ఒక్కటే ఇబ్బంది, మిగతావన్నీ పక్కన చేరిన ముగ్గురి సలహాలు తెచ్చిపెట్టినవే.

ఆ ఒక్క ఇబ్బంది ఇదీ. గింబల్‌ని చిన్న ట్రైపాడ్ మీద పెట్టి, కెమెరా ఒకే దిక్కు చూసేలా లాక్ మోడ్‌లో ఉంచి వదిలేశాను. ఎవరూ ముట్టుకోలేదు. అయినా కెమెరా తనంతట తానే మెల్లగా ఎడమకి తిరుగుతోంది, పాప ఫ్రేములో కుడివైపుకి జరిగిపోతోంది. దీన్నే డ్రిఫ్ట్ అంటారు.

మొదటి సలహా: "పెయిరింగ్ తీసేసి మళ్లీ పెట్టు." బాబూ, బ్లూటూత్‌కీ డ్రిఫ్ట్‌కీ సంబంధమే లేదు! ఫోన్‌ని నిలకడగా ఉంచే లెక్కంతా గింబల్ లోపలే జరుగుతుంది. బ్లూటూత్ పూర్తిగా ఆపేసినా గింబల్ ఫోన్‌ని నిలబెడుతూనే ఉంటుంది. బటన్ నొక్కితే రికార్డింగ్ మొదలవడానికి, మనిషిని వెంబడించే ట్రాకింగ్‌కీ, యాప్‌లో సెట్టింగులకీ మాత్రమే ఆ కనెక్షన్ కావాలి. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ మొహమాటానికి తలూపాను, అదే నా తప్పు. పెయిరింగ్ తీసేశాక ఆ పెద్దమనిషి నా ఫోన్ లాక్కుని, ఫోన్ బ్లూటూత్ సెట్టింగుల్లోంచి కనెక్ట్ చేశాడు. అంతే, యాప్‌కి గింబల్ కనబడటం మానేసింది. ఈ గింబల్‌ని యాప్ లోపలి నుంచే కలపాలి. మళ్లీ ఫోన్ జాబితాలోంచి తీసేసి, యాప్‌కి దగ్గర్లోని డివైజ్‌లు వెతికే పర్మిషన్ ఇచ్చి కలిపేసరికి పది నిమిషాలు పోయాయి. డ్రిఫ్ట్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

రెండో సలహా, నన్ను ఎక్కువ మండించింది: "కాలిబ్రేట్ చెయ్, సెట్ అయిపోతుంది." మాట నిజమే, చేయాల్సింది కాలిబ్రేషనే. కానీ ఎక్కడ చేయాలో కూడా చెప్పాలి కదా! టైమ్ లేదంటూ, స్పీకర్ పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టించాడు. కుర్చీ సీటు వెనక్కి వాలి ఉంటుంది. పైగా పాట మోగుతున్నంతసేపూ అది అదురుతూనే ఉంది.

కాలిబ్రేషన్ అంటే ఏంటో ఒక్క నిమిషం చెప్పనివ్వండి. గింబల్‌లో రెండు సెన్సర్లుంటాయి. గైరో, ఎంత వేగంగా తిరుగుతున్నామో కొలుస్తుంది. యాక్సిలరోమీటర్, భూమి ఎటు లాగుతోందో చూసి కింద ఎటువైపుందో చెబుతుంది. అసలు కదలకుండా ఉన్నప్పుడు కూడా గైరో సున్నా చూపించదు, కాస్త తప్పు చూపిస్తుంది. వేడి మారితే ఆ తప్పు కూడా మారుతుంది. నేను ఏసీ గదిలోంచి తీసి నేరుగా ఎండలో ఉన్న స్టేజీ దగ్గరికి తెచ్చాను, చిక్కు అక్కడే మొదలైంది. సెకనుకి 0.1 డిగ్రీ తప్పుంటే నిమిషానికి 6 డిగ్రీలు. 60 డిగ్రీల వెడల్పు చూపే లెన్స్‌లో అది ఫ్రేములో పదో వంతు. ముందుకీ వెనక్కీ వంగినా, పక్కకి ఒరిగినా యాక్సిలరోమీటర్ పట్టుకుని సరిచేస్తుంది. కుడి ఎడమలకి తిరిగితే మాత్రం భూమి లాగే దిక్కు మారదు కాబట్టి దానికి తెలియదు. అందుకే డ్రిఫ్ట్ ఎప్పుడూ మొదట కుడి ఎడమలకి తిరగడంలోనే బయటపడుతుంది.

"ఇప్పుడు నువ్వు కదలడం లేదు, సమంగా ఉన్నావు, ఇదే సున్నా అనుకో" అని గింబల్‌కి నేర్పడమే కాలిబ్రేషన్. వాలిన, అదిరే కుర్చీ మీద పెట్టి ఆ మాట చెబితే అది నమ్మేస్తుంది. నా గింబల్ నమ్మింది. స్టేజీ ఒరిగింది అందుకే.

మూడో ఆయన ఒరిగిన ఫోన్‌ని చూసి "మోటార్ పవర్ చాలట్లేదు, ఫుల్ పెట్టు" అన్నాడు. పెట్టగానే గుయ్యిమని సన్నటి శబ్దం. హ్యాండిల్ పట్టుకుంటే అరచేతిలో జివ్వుమంది. మోటార్ అవసరానికి మించిన బలంతో సరిచేస్తూ, ఆ సరిచేసిందాన్ని మళ్లీ సరిచేస్తూ ఉంటే వచ్చే వణుకది. అప్పటికే పాప పేరు పిలిచేశారు. ఇంకేం చేయను?

ఇంటికొచ్చాక ఇరవై నిమిషాల్లో బాగయింది. అది చూస్తే ఇంకా మంట. ముందు గింబల్ ఆపేసి బ్యాలన్స్ చూశాను. ఫోన్‌ని బిగించి, చేత్తో సమంగా పట్టుకుని వదిలితే కెమెరా ఉన్నవైపు దబ్బున కిందికి వాలింది. వెనక ఇనుప రింగున్న మందపాటి కేసు తీయకుండానే పెట్టాను మరి. కేసు తీసి, క్లాంప్‌లో ఫోన్‌ని వాలిన వైపుకి ఎదురుగా కొద్దికొద్దిగా జరిపాను. వదిలినా వాలకుండా నిలబడ్డాక పవర్ ఆన్ చేశాను. మామూలుగా ఫోన్ పెట్టకుండా ఆన్ చేయకూడదు, మోటార్లకి బరువు ఉంటుందన్న లెక్క ఉంటుంది. మోటార్ పవర్‌ని మామూలుకి తెచ్చాను, వణుకు పోయింది. తర్వాత గదిలో నేల మీద కాసేపు వదిలేసి, వేడి కుదురుకున్నాక అక్కడే కాలిబ్రేట్ చేశాను. ఫోన్ ఉంచి చేయాలా తీసి చేయాలా అన్నది మోడల్‌ని బట్టి మారుతుంది, యాప్ ఎలా చెబితే అలా చేయండి. చివరగా లాక్ మోడ్‌లో తలుపు అంచుకి గురిపెట్టి నిమిషం చూశాను. అంచు కదల్లేదు. ఫాలో మోడ్‌లో ఈ పరీక్ష చేయకండి, అందులో చెయ్యి తిరిగితే కెమెరా తిరగడమే దాని పని. అది చూసి డ్రిఫ్ట్ అని గింబల్‌ని నిందించేవాళ్లని చాలామందిని చూశాను.

నిందల మాటొచ్చింది కాబట్టి చెబుతున్నా. రెండేళ్ల కిందట మా బావ ఇదే గింబల్‌తో నేను తీసిన వీడియో చూసి "నీ చెయ్యి వణుకుతుంది, నీకెందుకు ఇవన్నీ" అని అందరి ముందూ అన్నారు. అది చెయ్యి కాదు బావా. నడుస్తూ తీశాను, అడుగు పడిన ప్రతిసారీ బొమ్మ పైకీ కిందికీ ఎగిరింది. మూడు మోటార్లూ తిప్పుడుని ఆపుతాయి, ఎగిరే చెయ్యిని ఆపలేవు. మోకాళ్లు కొంచెం వంచి, మడమ మెల్లగా ఆనించి నడవాలి. ఆ రోజు నాకు ఇది తెలీదు, మీరూ చెప్పలేదు. అప్పటి నుంచి ఇంట్లో ఏ వీడియో బాగా రాకపోయినా నా చెయ్యే కారణం అయిపోయింది.

ఈరోజు కూడా స్నేహితురాలి వాళ్ల అత్తగారు వీడియో చూసి "చెయ్యి వణికిందేమో అమ్మా" అన్నారు. నేను చేత్తో పట్టుకోనే లేదండీ. అది ట్రైపాడ్ మీదుంది.